నెన్‌లో రూల్స్ అన్నీ రాసిపెట్టి ఉన్నా గొడవలు ఎందుకు ఆగవు?

ప్రశ్న: "హంటర్ ఎక్స్ హంటర్ పూర్తిగా చూశాను. అందులోని నెన్ అనే శక్తుల పద్ధతికి ఉన్నంత క్లియర్ రూల్స్ ఇంకే షోనెన్‌లోనూ లేవంటారు. ఆరు రకాలు, శాతాలు, షరతులు అన్నీ చెప్పేశారు. అయినా ఫ్యాన్స్ ఇరవై ఏళ్ళుగా అవే విషయాల మీద కొట్టుకుంటూనే ఉన్నారు. రూల్స్ అంత క్లియర్‌గా ఉంటే ఇంత గొడవ దేనికి? ఎవరి మాట కరెక్టో తేల్చుకోవడం ఎలా?"

(యార్క్‌న్యూ, కైమెరా యాంట్ భాగాలతో పాటు మాంగాలో ఆ తర్వాత వచ్చిన ఒకటి రెండు విషయాలు కూడా కింద ఉన్నాయి. చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోవడం మంచిది.)

రూల్ లేనిచోట గొడవ పెద్దగా ఉండదు, ఎందుకంటే వాదించడానికి అక్కడ ఏమీ దొరకదు. రూల్ పూర్తిగా చెప్పినచోటా ఉండదు, లెక్క కట్టుకుంటే సరిపోతుంది. రూల్ చెప్పి రేటు చెప్పనిచోట మాత్రం గొడవ పుడుతుంది. "ఎంత పెద్ద షరతు పెట్టుకుంటే అంత బలం" అని కథ చెబుతుంది. ఎంతకి ఎంత అన్నది చెప్పదు. రచయిత తొగాషి దాన్ని దాదాపు ప్రతిసారీ ఖాళీగానే వదిలేశాడు. ఫ్యాన్స్ వాదనల్లో చాలా భాగం ఆ ఖాళీని ఎవరికి తోచిన అంకెతో వాళ్ళు నింపడమే.

రేటు చెప్పినప్పుడు ఎలా ఉంటుందో ముందు చూస్తే తేడా తెలుస్తుంది. కైమెరా యాంట్ భాగంలో నకిల్ అనేవాడి శక్తి ఉంది కదా, అవతలివాడికి తన ఓరాని, అంటే ఒంట్లోని ప్రాణశక్తిని, అప్పుగా ఇచ్చేది. కొట్టిన ప్రతి దెబ్బా అప్పే, దెబ్బ నొప్పి ఉండదు. వడ్డీ 10 సెకన్లకి 10 శాతం, చక్రవడ్డీ. మన కాల్‌మనీ వాళ్ళు కూడా సిగ్గుపడే రేటు అది. అప్పు మొత్తం అవతలివాడి దగ్గరున్న ఓరాని దాటిన క్షణం వాడు దివాలా తీస్తాడు, 30 రోజులు నెన్ వాడలేడు. తిరిగి నకిల్‌ని కొడితే ఆ మేరకు అప్పు తీరుతుంది.

ఇక్కడ అన్నిటికీ అంకె ఉంది కాబట్టి లెక్క మనమే వేసుకోవచ్చు. నకిల్ 1,000 పాయింట్లు అప్పిచ్చాడనీ, ఎదుటివాడి దగ్గర 20,000 ఉన్నాయనీ అనుకుందాం (ఈ రెండూ లెక్క కోసం నేను పెట్టుకున్న అంకెలే). అప్పు 20 రెట్లు పెరగాలి. 10 సెకన్లకోసారి 1.1తో హెచ్చించుకుంటూ పోతే 32వ సారికి దాటుతుంది, అంటే 5 నిమిషాల 20 సెకన్లు. ఇప్పుడు ఎదుటివాడు పది రెట్లు బలవంతుడు, 2,00,000 అనుకోండి. 56వ సారికి, అంటే 9 నిమిషాల 20 సెకన్లకి వాడూ మునుగుతాడు. పది రెట్లు బలం కలిసొచ్చినా వాడికి దక్కింది నాలుగు నిమిషాలే.

అందుకే నకిల్ శక్తి మీద పెద్ద గొడవలు కనబడవు. "యూపీ అనే కైమెరా యాంట్ లాంటివాడి మీద అది పనిచేస్తుందా?" అని అడిగితే, పనిచేస్తుంది, కానీ అప్పటిదాకా నకిల్ దెబ్బ తినకుండా నిలబడగలడా అన్నదే అసలు సంగతి అని చెప్పి ముగించవచ్చు. దాచిన పరిమితి సమయం ఒక్కటే, అదీ వడ్డీ లెక్కలోంచే బయటపడుతుంది.

ఇంత వివరంగా చెప్పగలిగినవాడు మిగతాచోట్ల చెప్పలేదంటే మరిచిపోయి కాదని నా అభిప్రాయం.

శాతాలు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

ఆరు రకాల బొమ్మని అందరూ గుర్తుపెట్టుకుంటారు, దూరం కొలవడం దగ్గర మాత్రం తప్పుతారు. వరుస ఇది: ఎన్‌హాన్సర్, ట్రాన్స్‌మ్యూటర్, కాంజురర్, స్పెషలిస్ట్, మానిప్యులేటర్, ఎమిటర్, అక్కడి నుంచి మళ్ళీ ఎన్‌హాన్సర్. ఎవరి రకం వాళ్ళకి 100 శాతం. పక్క గడి 80, రెండు గడులు దాటితే 60, సరిగ్గా ఎదురు గడి 40. స్పెషలిస్ట్ గడి మాత్రం మిగతా అందరికీ సున్నా.

చాలామంది జారేది ఈ సున్నా దగ్గరే. స్పెషలిస్ట్ గడి మనకి పనికిరాకపోయినా దూరం కొలిచేటప్పుడు అది కూడా ఒక గడే. కాంజురర్ నుంచి మానిప్యులేటర్‌కి దగ్గర దారి స్పెషలిస్ట్ మీదుగా రెండు గడులు, కాబట్టి 60. ఆ గడిని తీసేసి, చుట్టూ తిరిగి లెక్కపెట్టి 40 కంటే తక్కువని వాదించేవాళ్ళు ఉన్నారు. అది తప్పు. కాంజురర్‌కి 40 వచ్చేది ఎమిషన్‌లో.

సున్నా వల్ల ఇంకో సంగతి కూడా ఉంది, కథలో ఎవరూ పైకి అనరు. ఎన్‌హాన్సర్‌కి సరిగ్గా ఎదురు గడి స్పెషలిస్టే. అందరికీ ఎలాగూ సున్నా అయిన గడే అతనికి ఎదురుగా పడింది కాబట్టి అతనికి 40 అన్న అంకే లేదు. అన్నీ కలిపితే ఎన్‌హాన్సర్‌కి 380, ట్రాన్స్‌మ్యూటర్, ఎమిటర్‌లకి 360, కాంజురర్, మానిప్యులేటర్‌లకి 340 వస్తాయి. "ఎన్‌హాన్సర్లు నేరుగా పోరాడటానికి అనుకూలం" అన్న మాటకి బొమ్మలోనే ఆధారం ఉందన్నమాట.

ఇంతవరకు వివాదం లేదు. 60 శాతం అంటే దేనిలో 60 శాతం అన్నదగ్గర మొదలవుతుంది. నేర్చుకోగలిగే స్థాయి అంతవరకేనా, లేక నేర్చుకున్నదాని బలం కూడా అంతే తగ్గుతుందా? గురువులు వివరించేటప్పుడు రెండూ కలిసే వస్తాయి. ఒక శక్తికి రెండు రకాలు కావాలంటే రెండు శాతాల్నీ హెచ్చించాలా, విడివిడిగా చూడాలా, తక్కువదాన్ని తీసుకోవాలా? దీనికి జవాబు ఎక్కడా లేదు.

దీనికి మంచి ఉదాహరణ హెవెన్స్ అరీనాలో హిసోకాతో కాస్ట్రో పోరు. కాస్ట్రో ఎన్‌హాన్సర్, గాన్ కూడా ఎన్‌హాన్సరే. ఇద్దరూ తమ శక్తిని ఎలా కట్టుకున్నారో పక్కపక్కన పెట్టి చూడండి.

గాన్ జజాంకెన్‌లో మూడు దెబ్బలున్నాయి. రాయి పూర్తిగా ఎన్‌హాన్స్‌మెంట్, అంటే 100. కత్తెరకి ఓరాని కత్తి అంచులా మార్చాలి, అది ట్రాన్స్‌మ్యుటేషన్, 80. కాగితం ఓరాని దూరంగా విసరడం, ఎమిషన్, అదీ 80. మూడూ సొంత గడి, దాని రెండు పక్క గడులు. అందుకే రాయి మిగతా రెండింటికంటే ఎప్పుడూ ఎక్కువ దెబ్బ తీస్తుంది. గాన్ ఆలోచించి చేశాడని కాదు, కుదిరింది. ఓరా అంతా పిడికిలిలోకి తెచ్చేటప్పుడు మిగతా ఒంటికి రక్షణ ఉండదు, పైగా ముందు పాట పాడినట్టు పైకి అనాలి. ఆ రెండూ దానికి ఉన్న పరిమితులు.

కాస్ట్రో కట్టుకున్నది తన నకలుని. అచ్చం తనలాంటి మనిషిని సృష్టించాలి, అది కాంజురేషన్, 60. ఆ మనిషిని కదిలించాలి, అది మానిప్యులేషన్, మళ్ళీ 60. తన సొంత గడి ఎన్‌హాన్స్‌మెంట్‌తో ఈ శక్తికి సంబంధమే లేదు. అయినా అది పనిచేసింది, హిసోకా చేతులు కూడా తెగిపడ్డాయి. అక్కడే హిసోకా ఒక చిన్న విషయం పట్టుకున్నాడు. పోరులో అసలు కాస్ట్రో బట్టలకి మరకలు పడుతున్నాయి, నకలుకి మాత్రం ఎప్పుడూ శుభ్రమైన బట్టలే. కాస్ట్రో తన మనసులో ఉన్న రూపాన్నే సృష్టించగలడు, పోరు మధ్యలో పడిన మరకని దానికి కలపలేడు. ఎవరు అసలో తెలిసిపోయాక పోరు అక్కడికి అయిపోయినట్టే. దెబ్బ తగిలి మనసు చెదిరాక కాస్ట్రో నకలుని మళ్ళీ తయారు చేయలేకపోయాడు కూడా. అంత క్లిష్టమైన పనికి నిలకడ కావాలి.

చివర్లో హిసోకా అంటాడు, నీ ఓటమికి కారణం మెమరీ వృథా చేసుకోవడమేనని.

మెమరీ అనే అంకె లేని అంకె

ఆ ఒక్కమాటతో కొత్త నియమం పుట్టుకొచ్చింది. ప్రతి మనిషికీ నెన్‌లో కొంత జాగా ఉంటుంది, సరిపడని శక్తి ఎక్కువ జాగా తింటుంది, తర్వాత ఇంకేదీ పట్టదు. శాతాలు చెప్పని విషయం ఇది. శాతం బలం గురించి చెబుతుంది, మెమరీ ఖర్చు గురించి చెబుతుంది.

ఖర్చు ఎంత అన్నది మాత్రం లేదు. అందుకని ఫ్యాన్స్ రెండు పక్షాలు. ఒక పక్షం దీన్ని గట్టి నియమంగా తీసుకుంటుంది. ప్రతి పాత్రకీ ఎన్ని శక్తులు ఉన్నాయో లెక్కపెట్టి "ఇక ఇతనికి జాగా లేదు" అని తేలుస్తుంది. రెండో పక్షం అది హిసోకా వాడిన పోలిక మాత్రమేనని, ఒకసారి చేసుకున్న శక్తిని పక్కన పెడితే జాగా తిరిగి రాదని ఎవరూ చెప్పలేదని అంటుంది.

నేను దీన్ని ఇలా చూస్తాను. అన్నది హిసోకా, అన్నది ఓడిపోయినవాడితో, అవతలివాణ్ణి కించపరచాలన్న సరదాతో. గురువు శిష్యుడికి చెప్పిన పాఠం కాదు. అయితే హిసోకా దగ్గరున్నవి రెండే చిన్న శక్తులు, బంగీ గమ్, టెక్స్‌చర్ సర్‌ప్రైజ్. ఆ రెండింటితోనే అంత చేస్తున్నాడు కాబట్టి తను నమ్మి ఆచరిస్తున్న సూత్రమే చెప్పాడని అనుకోవచ్చు. "పరిమితి ఉంది" అనేంతవరకు వాడుకోండి. "ఫలానా పాత్రకి పరిమితి అయిపోయింది" అని చెప్పడానికి మాత్రం అది చాలదు.

కురపికా షరతు, అందులో మెలిక

నెన్‌లో అసలు కిటుకు షరతు, ప్రమాణం. నీ శక్తికి నువ్వే సంకెళ్ళు వేసుకుంటే అది బలపడుతుంది. దాటితే ఎంత నష్టపోతావో దాన్నిబట్టి బలం. మాంగాలో దీనికి అన్నిటికంటే పూర్తిగా రాసిన కేసు కురపికాదే కాబట్టి దాన్నే విప్పి చూద్దాం.

కురపికా కాంజురర్ అని నీళ్ళ గ్లాసు పరీక్షలో తేలింది. నీళ్ళ మీద ఆకు వేసి, గ్లాసు చుట్టూ చేతులు పెట్టి ఓరా పెంచితే, ఎన్‌హాన్సర్‌కి నీళ్ళ పరిమాణం మారుతుంది, ట్రాన్స్‌మ్యూటర్‌కి రుచి, ఎమిటర్‌కి రంగు, మానిప్యులేటర్‌కి ఆకు కదులుతుంది, కాంజురర్‌కి నీళ్ళలో మలినాలు పుడతాయి. తర్వాత గురువు ఇజునావి అతనికి అసలు గొలుసు ఇచ్చి రాత్రీపగలూ దానితోనే గడపమన్నాడు. తాకడం, నాకడం, చప్పుడు వినడం, బొమ్మ గీయడం. కలలోకి గొలుసు వచ్చేదాకా అదే పని. తర్వాత గొలుసు లాగేసుకున్నాడు.

ఇక్కడే ఇజునావి మొదటి పరిమితి చెబుతాడు. దేన్నైనా నరికే కత్తి లాంటిది మనిషి సామర్థ్యాన్ని మించినది, ఊరికే సృష్టించలేవు. ఎన్‌హాన్సర్ కాని కురపికాకి తన గొలుసు స్పైడర్ ముఠాలో, అంటే ఫాంటమ్ ట్రూప్‌లో, అందరికంటే కండబలం ఉన్నవాణ్ణి కూడా పట్టి ఉంచాలి. కాబట్టి ఆ బలాన్ని షరతుతో కొనుక్కున్నాడు. చైన్ జైల్‌ని ఫాంటమ్ ట్రూప్ మీద తప్ప ఎవరి మీదా వాడనని ప్రమాణం చేసి, తన గుండెకి తానే జడ్జిమెంట్ చైన్ మొన గుచ్చుకున్నాడు. ట్రూప్ కానివాడి మీద వాడితే ఆ మొన గుండెని చీల్చేస్తుంది.

ఆ కండబలం ఉన్నవాడు ఉవోగిన్, అతని మీద అది పనిచేసింది. ఉవోగిన్ అంతటి ఎన్‌హాన్సర్ గొలుసులో చిక్కగానే నెన్ మూసుకుపోయింది, ఒట్టి కండలతో దాన్ని తెంపలేకపోయాడు. అంతకుముందు కురపికా గొలుసుని ఎప్పుడూ పైకి కనబడేలా వేళ్ళకి ఉంచడం కూడా ఎత్తే. అసలు గొలుసుని కదిలించే మానిప్యులేటర్ అనుకోవాలని.

ఇప్పుడు ఫ్యాన్స్ అడిగే ప్రశ్న: హిసోకా మీద చైన్ జైల్ వేస్తే కురపికా చనిపోతాడా? హిసోకా అప్పట్లో 4వ నంబర్ సభ్యుడు, అందరూ అతన్ని సభ్యుడిగానే చూశారు. కానీ అతని స్పైడర్ టాటూ టెక్స్‌చర్ సర్‌ప్రైజ్‌తో అతికించిన బొమ్మ, ముఠా నాయకుడు క్రోల్లోతో పోరాడటం కోసమే చేరానని తనే అంటాడు. సభ్యుడా కాదా అన్నది ఎవరు తేలుస్తారు? ముఠా నమ్మకమా, హిసోకా మనసా, కురపికా ఉద్దేశమా?

దీన్ని తేల్చడానికి ఆధారంగా పనికొచ్చే సంఘటన మాంగాలో ఒకటుంది. కురపికా ట్రూప్ సభ్యురాలు పాకునోడా గుండెకి జడ్జిమెంట్ చైన్ వేసి, తన గురించి ఎవరికీ చెప్పకూడదని షరతు పెట్టాడు. ఆమె తిరిగి వెళ్ళి తన జ్ఞాపకాల్ని తూటాలుగా ఆరుగురు సహచరులకి కాల్చి, ఆ వెంటనే చనిపోయింది. కురపికా అక్కడ లేడు, ఆ క్షణంలో ఆమె ఏం చేస్తోందో అతనికి తెలియదు. అంటే మొన కదలడానికి వేసినవాడికి తెలియాల్సిన పని లేదు. ఇది "నిజం ఏదైతే అదే లెక్క" అనేవాళ్ళకి బలం. హిసోకా నిజంగా సభ్యుడు కాకపోతే, కురపికా నమ్మకంతో పని లేకుండా మొన గుచ్చుకుంటుంది.

ఎదుటి పక్షం దీనికి మంచి జవాబే చెప్పింది. పాకునోడాకి తను షరతు దాటుతున్నానని స్పష్టంగా తెలుసు. మొన ఎవరి గుండెలో ఉందో వాళ్ళ తెలివిడిని బట్టి కదిలిందేమో. కురపికా విషయంలో మొన అతని గుండెలోనే ఉంది కాబట్టి, అతను హిసోకాని సభ్యుడని మనస్ఫూర్తిగా నమ్మి కొడితే ఏమీ కాకపోవచ్చు. ఒకే సంఘటన ఈ రెండు వాదనలకీ సరిపోతుంది. దీన్ని తేల్చాలంటే షరతు దాటానని తెలియకుండా దాటినవాడు ఒకడు కథలో కావాలి. జడ్జిమెంట్ చైన్ విషయంలో అలాంటివాణ్ణి తొగాషి మనకి చూపించలేదు. అందుకే ఈ గొడవ ఆగదు. "కచ్చితంగా చస్తాడు", "కచ్చితంగా చావడు" అనే రెండు పక్షాలవాళ్ళూ ఆధారం దాటి మాట్లాడుతున్నట్టే.

రేటు లేకపోవడం ఇక్కడ కూడా కనబడుతుంది. ప్రాణం పణంగా పెట్టాడు, ట్రూప్‌లో అందరికంటే బలమైనవాణ్ణి కట్టే గొలుసు దక్కింది. ప్రాణం కాకుండా ఒక చెయ్యి పణంగా పెడితే ఎంత దక్కేది? ప్రమాణం ట్రూప్ మొత్తానికి కాకుండా ఒక్క మనిషికే పరిమితం చేస్తే గొలుసు ఇంకెంత గట్టిపడేది? అంకె చెబితే ఉవోగిన్ బలాన్ని కూడా అంకెల్లో చెప్పాలి, అప్పుడు పోరు మొదలవకముందే ఎవరు గెలుస్తారో తెలిసిపోతుంది. చెప్పకపోవడానికి రచయితకి ఉన్న కారణం అదే అనుకుంటాను.

తర్వాత ఎప్పుడో బయటపడిన ధర

కురపికా కళ్ళు ఎర్రబడినప్పుడు ఎంపరర్ టైమ్ వస్తుంది, స్పెషలిస్ట్ అయిపోతాడు, అన్ని రకాలూ 100 శాతం వాడగలడు. ఉవోగిన్ విరగ్గొట్టిన చేతిని హోలీ చైన్‌తో బాగుచేసుకున్నది ఆ స్థితిలోనే. యార్క్‌న్యూ భాగం చూస్తున్నప్పుడు దీనికి ధర కనబడదు. "ఇంత పెద్ద శక్తి ఊరికే వచ్చిందా, ఇది మోసం" అని చాలాకాలం తిట్టుకున్నారు. చాలా ఏళ్ళ తర్వాత, కాకిన్ వారసత్వ పోరు భాగంలో ధర చెప్పాడు. ఎంపరర్ టైమ్‌లో గడిపే ఒక్కో సెకనుకి ఆయుష్షులో ఒక గంట పోతుంది.

నకిల్ వడ్డీ తర్వాత తొగాషి ఇంత సూటిగా రేటు చెప్పిన చోటు ఇది. ఒక నిమిషం వాడితే రెండున్నర రోజులు, ఒక గంటకి 150 రోజులు. పది గంటలకి 1,500 రోజులు, అంటే నాలుగేళ్ళు దాటుతుంది. రోజంతా ఉంటే దాదాపు పదేళ్ళు.

రేటు తెలిసింది కాబట్టి గొడవ ఆగిందా? ఆగలేదు, పక్కకి జరిగింది. ఆయుష్షు మొత్తం ఎంతో తెలియదు కాబట్టి ఎంత మిగిలిందో చెప్పలేం. ఈ ధర యార్క్‌న్యూ నాటికే ఉందా అన్నది ఇంకో వాదన. ఉందనేవాళ్ళు యార్క్‌న్యూ తర్వాత కురపికా జ్వరంతో పడిపోవడాన్ని చూపిస్తారు. లేదనేవాళ్ళకి అది ఒట్టి అలసట. 100 శాతం అన్నది కూడా ఎక్కువగా ఊహించుకుంటున్నారు. నేర్చుకోని శక్తి ఎర్రకళ్ళతో ఊడిపడదు, నేర్చుకున్నదాని బలం తగ్గకుండా వాడగలడు అనుకోవడమే కథకి సరిపడుతుంది. లేకపోతే ఉవోగిన్‌తో సమానంగా గుద్దగలగాలి, కానీ ఉవోగిన్ గుద్దుకి అతని చెయ్యే విరిగింది.

ఎవరి మాట ఎంత నమ్మాలి

ఏదైనా వాదన మొదలయ్యేముందు ఆ నియమం ఎవరి నోట వచ్చిందో చూడండి. సగం వాదనలు అక్కడే తేలిపోతాయి. కథకుడి డబ్బాలో రాసి ఉంటే అది గట్టిది. వింగ్, బిస్కీ, ఇజునావి లాంటి గురువు శిష్యుడికి చెప్పినది దాదాపు అంత గట్టిది. గురువుకి తెలిసినంతవరకే అని మాత్రం గుర్తుంచుకోవాలి. పోరులో ఎదుటివాడి శక్తి గురించి ఒక పాత్ర వేసే అంచనా ఊహ మాత్రమే, అది తప్పడం చాలాసార్లు చూశాం. తన శక్తి గురించి తానే శత్రువుకి చెప్పేది అన్నిటికంటే అనుమానించాల్సింది. అబద్ధం చెప్పడం అక్కడ పోరులో భాగం. క్రోల్లో హిసోకాకి తన శక్తుల షరతులు వరుసగా వివరించిన పోరు గురించి ఇప్పటికీ ఇంత రచ్చ అవడానికి కారణం ఇదే. అతను చెప్పినదంతా నిజమేనా అన్నది ముందు తేలాలి కదా.

ఈ మెట్లు పాటించకపోతే ఏమవుతుందో చూడాలంటే రకాల్ని బట్టి స్వభావాలు ఉంటాయన్న మాట చాలు. ఎన్‌హాన్సర్లు సూటిగా ఉంటారు, ట్రాన్స్‌మ్యూటర్లు చపలచిత్తులు, అబద్ధాలకోర్లు, ఇలా. దీన్ని నియమంగా పట్టుకుని ప్రతి కొత్త పాత్రకీ రకం అంటగట్టేస్తారు. అది హిసోకా సరదాగా వేసుకున్న లెక్క, సొంత అభిప్రాయమని తనే అంటాడు.

ఆ తర్వాత చూడాల్సింది నియమం పెట్టాక దానికి కనీసం ఒక మినహాయింపు చూపించాడా అని. నెన్‌లో ఇలాంటివి రెండు పెద్దవి. మనిషి చనిపోతే శక్తి ఆగిపోవాలి, కానీ గట్టి పగతో చనిపోతే మరింత బలపడవచ్చు. కైమెరా యాంట్ భాగంలో గాన్ చంపిన పిటౌ శవం అతని మీద పడి చెయ్యి తెగ్గొట్టింది అలాగే. ఒకరి మీద వేసిన షరతు పోదు, కానీ తీసేసేవాళ్ళున్నారు. కురపికా క్రోల్లో గుండెలో వేసిన మొనని అబెంగానే అలాగే తీశాడు. అందుకని "నెన్‌లో ఇది అసాధ్యం" అని అనేముందు ఈ రెండు దారుల్లో ఏదైనా తెరిచి ఉందేమో చూసుకోవాలి.

గాన్ పిటౌ ముందు ఒక్కసారిగా ఎదిగిపోయిన దృశ్యం మీద అడిగేవాళ్ళకి కూడా ఇదే జవాబు. ఇక ఏమైపోయినా ఫర్వాలేదు అనుకుని తన దగ్గరున్నదంతా పణం పెట్టాడు, పిటౌని ఓడించగలిగే వయసుకి శరీరాన్ని బలవంతంగా తెచ్చుకున్నాడు. కురపికా షరతులో ఉన్న నియమమే ఇది, అడుగు తగిలేదాకా లాగారు, అంతే. కొత్త నియమం కాదు కాబట్టి మోసం అనడానికి లేదు. అయితే అందరికీ ఇది సాధ్యమా అంటే కాదు. రాబోయే ఏళ్ళలో అంత ఎదిగే సత్తా ఉన్నవాడే ఆ ఏళ్ళని ముందే ఖర్చు పెట్టగలడు. లియోరియో అదే కోపంతో అదే మాట అనుకుని ఉంటే పిటౌని ఓడించే వయసు అతనికి అసలు ఉండకపోవచ్చు. గాన్ ఎన్నేళ్ళు ముందుకి వెళ్ళాడన్నది మాత్రం మళ్ళీ రాయని అంకే. జుట్టు పొడవు కొలిచి లెక్క తేల్చాలని చూసినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళతో వాదనకి దిగొద్దు, తెల్లారిపోతుంది.

మీరు జుజుత్సు కైసెన్ కూడా చూసుంటే అక్కడి బైండింగ్ వావ్ దాదాపు ఈ ప్రమాణం లాంటిదే, అందులోనూ రేటు లేదు. అక్కడి గొడవలకీ ఇదే వరుసలో వెళ్ళండి: ఎవరు చెప్పారు, ఎంతకి ఎంత అన్నది రాసి ఉందా, మినహాయింపు చూపించారా. రేటు రాసి ఉంటే కాగితం మీద లెక్క వేసి చూపించండి. రాసి లేకపోతే "బలపడుతుంది" వరకే చెప్పి ఊరుకోండి, "ఇంత బలపడుతుంది" అన్నది మీదగ్గర కూడా ఉండదు.